వీలునామా దాకా వెళ్ళాలి: రోస్ట్‌లో మూడో మాట, అతిశయోక్తి

రోస్ట్ అంటే ఒక మనిషిని సభలో, ఆయన ముందే సరదాగా ఆటపట్టించే ప్రసంగం. అది రాయడం ఎలా అని ఎవరినడిగినా మొదట వచ్చే సలహాలు రెండు. మూడు సంగతులు చెప్పి మూడోదాన్ని తిప్పమంటారు. ఉన్నదాన్ని పెంచి చెప్పమంటారు. రెండూ మంచి సలహాలే. కానీ వీటిని రెండు వేర్వేరు చిట్కాలుగా నేర్చుకున్నవాళ్ళు రాసిన రోస్టుల్లో ఒకే లోపం మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. మూడు సంగతులు ఉంటాయి, మూడూ కొంచెం కొంచెం పెంచినవే అయి ఉంటాయి, నవ్వు మాత్రం రాదు. గురి అయిన మనిషి ముఖం కొంచెం మాడుతుంది కూడా.

నా దృష్టిలో ఇవి రెండు చిట్కాలు కావు, ఒకే పనిముట్టుకు రెండు చివరలు. మొదటి రెండు సంగతులు వినేవాళ్ళ చేతికి ఒక కొలబద్ద ఇస్తాయి. మూడో చోట అతిశయోక్తి ఆ కొలబద్దకు అందనంత దూరం వెళ్తుంది. మొదటి రెండింటిలోనే పెంచడం మొదలుపెడితే కొలబద్ద తప్పుగా తయారవుతుంది, మూడోది ఎంత దూరం వెళ్ళిందో ఎవరికీ తెలియదు. మూడోది సగం దూరంలో ఆగిపోతే అది జోకుగా వినిపించదు, ఆరోపణగా వినిపిస్తుంది. ఈ రెండో ప్రమాదం గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. అసలు దెబ్బ అక్కడే తగులుతుంది.

ఒకే జోకును తీసుకుని మొదటి చిత్తుప్రతి నుంచి చివరిదాకా చూద్దాం. సుబ్బారావు అనే ఒక పెద్దాయన పదవీ విరమణ చేస్తున్నారనుకుందాం. హాల్లో ఆయనతో పనిచేసిన అరవై మంది ఉన్నారు. రోస్ట్ చేసేది ఆయన కింద పనిచేసిన ఒక చిన్న ఉద్యోగి. రోస్ట్ అనేది తిట్ల పోటీగా పుట్టలేదని ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. న్యూయార్క్‌లో 1904లో ఏర్పడిన ఫ్రయర్స్ క్లబ్ పెంచి పోషించిన సంప్రదాయంలో రోస్టుకు గురయ్యే మనిషే ఆ సాయంత్రానికి గౌరవ అతిథి. అందరూ అన్నాక చివర్లో లేచి బదులు తీర్చుకునే హక్కు కూడా ఆయనదే. ప్రేమించినవాళ్ళనే రోస్ట్ చేస్తామన్నది అక్కడి మాట. కాబట్టి మనం రాసే ప్రతి జోకూ ఆయన పక్కనే కూర్చుని, ఆయన నవ్వుతుండగా చెప్పగలిగేదై ఉండాలి.

ముందు ముడిసరుకు కావాలి. సుబ్బారావు గురించి అందరికీ తెలిసిన నిజాలు ఓ పది కాగితం మీద రాసుకోవాలి. కోపిష్ఠి, లోభి, బద్ధకస్తుడు లాంటి విశేషణాలు పనికిరావు. కంటికి కనిపించేవి, చెవికి వినిపించేవి కావాలి. పొడుగాటి వాయిస్ మెసేజ్‌లు పంపుతారు, ఒక్కోటి ఆరేడు నిమిషాలుంటుంది. మధ్యలో ‘ఇంకో విషయం’ అంటారు. ఒక వాక్యం మొదలుపెట్టి ఇంకో వాక్యంలోకి వెళ్ళిపోతారు. ఫైళ్ళు మాత్రం అద్దంలా ఉంచుతారు. ఇవి నిజాలు. ‘మాట్లాడితే ఆపరు’ అన్నది మన అభిప్రాయం. అభిప్రాయాన్ని పెంచితే కక్షలా ఉంటుంది. నిజాన్ని పెంచితేనే జోకు పుడుతుంది.

ఈ పదిలోంచి ఒకదాన్ని ఎంచుకోవడానికి రెండు ప్రశ్నలు చాలు. హాల్లో కనీసం ముప్పావు వంతు మందికి ఇది ముందే తెలుసా? ఆయన దీని గురించి తానే నవ్వుతూ చెప్పుకుంటారా? వాయిస్ మెసేజ్‌ల అలవాటుకు రెండింటికీ అవునన్న జవాబే వస్తుంది. దాన్ని పట్టుకుందాం.

మొదటి చిత్తు సాధారణంగా ఇలా వస్తుంది: ‘సుబ్బారావు గారి వాయిస్ మెసేజ్‌లు చాలా పొడుగండి, వినలేక చస్తున్నాం.’ ఇది ఫిర్యాదు. ‘చాలా’ అనే మాటకు రూపం లేదు, ‘చస్తున్నాం’ అన్నది రోజుకు పదిసార్లు వాడే అరిగిపోయిన మాట. నిజానికి అది కూడా ఒక అతిశయోక్తే. ఎంత పాతబడిందంటే అందులో చావు ఎవరికీ కనిపించదు.

రెండో చిత్తులో అంకెలు వస్తాయి: ‘సుబ్బారావు గారు వాయిస్ మెసేజ్ పంపారంటే అరగంట ఉంటుందండి.’ ఇది మొదటిదానికంటే ప్రమాదకరం. అరగంట మెసేజ్ అసంభవమేమీ కాదు. హాల్లో ఉన్న కొత్తవాళ్ళు నమ్మేస్తారు. సుబ్బారావు గారు మనసులోనే ‘అరగంటెక్కడ, ఆరు నిమిషాలేగా’ అనుకుంటారు. ఆ క్షణంలో ఆయన జోకులో పాలుపంచుకునే అతిథిగా లేరు, బోనులో నిలబడి సంజాయిషీ ఇచ్చుకునే మనిషయ్యారు. ఆయన పక్కన కూర్చున్నవాళ్ళు నవ్వడానికి ముందు ఆయన ముఖం చూస్తారు. రోస్ట్‌లో ఏదో తేడా కొట్టిందని చెప్పే మొదటి గుర్తు ఇదే. పంచ్ పడగానే తలలు గౌరవ అతిథి వైపు తిరిగితే జనం అనుమతి వెతుక్కుంటున్నారని అర్థం. మంచి జోకు పడితే ముందు నవ్వుతారు, ఆ తర్వాతే ఆయన వైపు చూస్తారు.

దీన్ని సరిదిద్దాలంటే అరగంటను మూడు గంటలు చేస్తే సరిపోతుందా? సరిపోదు. మూడు వందల గంటలన్నా అంతే. అంకె పెరిగిన కొద్దీ బొమ్మ మసకబారుతుంది. మూడు వందల గంటలు ఎలా ఉంటాయో ఎవరి కళ్ళముందూ కదలదు. కొత్తగా రాసేవాళ్ళకు అన్నిటికంటే ముందు చెప్పాల్సిన మాట ఇది: లక్షణాన్ని పెంచకండి, దాని పర్యవసానాన్ని పెంచండి. మెసేజ్ ఎంత పొడుగో చెప్పడం మానేసి, అంత పొడుగు మెసేజ్ వచ్చిన ఇంట్లో ఏం జరుగుతుందో చెప్పాలి.

మన అలంకార శాస్త్రం ఈ సంగతిని ఎప్పుడో పట్టుకుంది. బడిలో అతిశయోక్తి అంటే ఉన్నదానికంటే ఎక్కువ చేసి చెప్పడం అని ఒక్క వాక్యంలో నేర్చుకుని వదిలేస్తాం. అప్పయ్య దీక్షితులు కువలయానందంలో దాన్ని రకాలుగా విడదీశారు. వాటిలో మూడు రకాలు కార్యకారణాల మధ్య ఉండే కాలంతో ఆడుకుంటాయి. కారణమూ ఫలితమూ ఒకేసారి జరిగితే అక్రమాతిశయోక్తి. కారణం ప్రస్తావనకు వచ్చినంత మాత్రాన ఫలితం జరిగిపోతే చపలాతిశయోక్తి. కారణం కంటే ముందే ఫలితం వచ్చేస్తే అత్యంతాతిశయోక్తి. చపలానికి అక్కడ ఇచ్చిన ఉదాహరణలో ప్రియుడు ‘వెళ్తాను’ అన్నాడో లేదో, ఆమె వేలి ఉంగరం కంకణమైపోతుంది. చిక్కిపోయిందన్న మాట ఎక్కడా లేదు. ఎంత చిక్కిందో కొలతా లేదు. ఉంగరానికి ఏమైందో మాత్రమే ఉంది.

ఈ మూడింటినీ శృంగారంలోంచి తీసి రోస్ట్‌లో పెడితే చక్కగా ఇముడుతాయి. అక్రమం: ‘సుబ్బారావు గారు మైకు పట్టుకోవడమూ, వెనక వరుస ఖాళీ అవడమూ ఒకేసారి.’ చపలం: ‘ఆయన గొంతు సవరించుకున్నారంటే చాలు, నా ఫోన్‌లో స్టోరేజ్ ఫుల్.’ అత్యంతం: ‘ఆయన మెసేజ్ ఇంకా రానేలేదు. బ్యాటరీ అప్పుడే అయిపోయింది.’ నాకు అత్యంతాతిశయోక్తి మీద ఎక్కువ నమ్మకం. ఫలితం ముందు రావడం లోకంలో జరగదు కాబట్టి అది నిజమేమో అన్న అనుమానానికి చోటే ఉండదు. సురక్షితమైన రోస్ట్ రాయాలనుకునేవాళ్ళకు ఇంతకంటే నమ్మకమైన సాధనం దొరకడం కష్టం.

ఇప్పుడు మూడు దగ్గరికి వద్దాం. పర్యవసానాన్ని మూడు అంచెలుగా చెబుదాం. మూడో చిత్తు: ‘సుబ్బారావు గారి వాయిస్ మెసేజ్ వచ్చిందంటే మా ఇంట్లో ఫోన్ ఛార్జింగ్‌కి పెడతాం, తలుపు గడియ వేసుకుంటాం, వీలునామా రాసుకుంటాం.’

ఇది జోకే. అయినా ఇంకా పని ఉంది. ముందు ఇది ఎందుకు పనిచేస్తుందో చూద్దాం. ఛార్జింగ్‌కి పెట్టడం ఎవరైనా చేసే పని. గడియ వేసుకోవడం కూడా నమ్మదగిందే, ఆరు నిమిషాలు నిశ్శబ్దం కావాలి కదా. ఈ రెండు కలిసి ఒక గీత గీస్తాయి: పెద్ద పనికి ముందు చేసుకునే ఏర్పాట్లు. ఒక్క ఉదాహరణతో గీత పడదు, ఒక చుక్క మాత్రమే పడుతుంది. రెండో చుక్క పెట్టగానే దిక్కు తెలుస్తుంది, వినేవాడి మనసు ఆ దిక్కులో తనంతట తాను ఒక అడుగు ముందుకేస్తుంది. మూడోది సరిగ్గా ఆ అడుగు కింద నేల లాగేస్తుంది. మూడు అనే అంకెలో ఇంతకుమించి మహత్యమేమీ లేదు. గీత పడటానికి కావలసిన కనీసపు చుక్కలు రెండు, తిప్పడానికి ఒకటి. నాలుగైతే వినేవాడికి ఊహించడానికి తీరిక దొరుకుతుంది. రెండే అయితే దిక్కు కుదరకముందే తిప్పినట్టవుతుంది. కాకపోతే ఆ దిక్కు హాల్లో వాళ్ళకు ముందే తెలిసినప్పుడు రెండుతోనే పని జరిగిపోతుంది.

వీలునామా ఆ గీత మీదే ఉంటూ గీతను దాటుతుందన్నది గమనించాలి. రూపంలో అది కూడా ఏర్పాటే, కాకపోతే చావుకు ముందు చేసుకునే ఏర్పాటు. మూడో చోట ‘ఏనుగును తెచ్చుకుంటాం’ అని రాస్తే అది కూడా ఊహించనిదే. కానీ ఏర్పాట్ల వరుసలో దానికి చోటు లేదు, అందుకే అది వింతగా ఉండిపోతుంది, నవ్వు రాదు. మూడోది మొదటి రెండింటి జాతిలోనే పుట్టాలి, బరువులో మాత్రం వేరే లోకానిదై ఉండాలి. ఇది తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. మూడింటికీ కలిపి ఒకే శీర్షిక పెట్టగలమా అని చూడండి. ఇక్కడ ‘ఏర్పాట్లు’ అని పెట్టగలం. ఏనుగుతో కలిపితే పెట్టలేం.

రచయితలు మూడోదాని కోసం గంటలు తల బద్దలుకొట్టుకుంటారు. నా అనుభవంలో పాడయ్యేది మొదటి రెండే. అక్కడ జరిగే తప్పుల్లో పెద్దది వాటిని కూడా నవ్వించాలనుకోవడం. ‘ఫోన్ ఛార్జింగ్‌కి పెడతాం, దుప్పటి తెచ్చుకుంటాం, వీలునామా రాసుకుంటాం’ అంటే దుప్పటికే చిన్న నవ్వు వస్తుంది. ఆ నవ్వుతో గీత తెగిపోతుంది. వినేవాళ్ళు ‘ఓహో, పెంచడం మొదలైంది’ అని సర్దుకుంటారు, వీలునామాకు సిద్ధమైపోతారు. హాల్లో ఇది పసిగట్టడం తేలిక. రెండోదానికి నవ్వు వచ్చి మూడోదానికి తగ్గితే రెండోదాన్ని చప్పగా చేయాలి. మూడోదాన్ని ముట్టుకోనక్కర్లేదు. గడియ చప్పటి మాట. అందుకే అది మంచిది.

ఇక మూడో చిత్తులో మిగిలిన లోపం తెలుగుది. మన వాక్యం క్రియతో ముగుస్తుంది. జోకులో పేలాల్సిన మాట ‘వీలునామా’. దాని వెనక ‘రాసుకుంటాం’ అనే నాలుగక్షరాల తోక ఉంది. వీలునామా అనగానే నవ్వడానికి సిద్ధమైన మనిషి ఆ తోక ముగిసేదాకా మర్యాదగా ఆగుతాడు. అర సెకను కూడా ఉండదు, అయినా నవ్వు అంచు మొద్దుబారుతుంది. ఇంగ్లీషులో రోస్ట్ రాసి తెలుగులోకి తెచ్చుకునేవాళ్ళ జోకులు తేలిపోవడానికి ప్రధాన కారణం ఇదేనని నా నమ్మకం. అక్కడ సహజంగా చివర ఉన్న మాట ఇక్కడికొచ్చేసరికి నడిమధ్యకు జరిగిపోతుంది.

తెలుగులోనే దీనికి మందు ఉంది. క్రియ లేని వాక్యాలు మనకు ఎబ్బెట్టు కాదు. ‘అది మా ఇల్లు’ అనేది నిండు వాక్యమే, అందులో క్రియ లేదు. కాబట్టి:

‘సుబ్బారావు గారి వాయిస్ మెసేజ్ వచ్చిందంటేనండి, మా ఇంట్లో ఏర్పాట్లు మొదలు. ముందు ఫోన్ ఛార్జింగ్. తర్వాత తలుపు గడియ. ఆపైన వీలునామా.’

ఇదీ నాలుగో చిత్తు. పేలాల్సిన మాటే ఆఖరి మాట. దాని తర్వాత ఒక్క అక్షరం లేదు. ఇందులో ‘అండి’ ఎక్కడికి జరిగిందో కూడా చూడండి. పెద్దాయన గురించి చిన్నవాడు మాట్లాడుతున్నాడు కాబట్టి మర్యాద తప్పదు. ‘వీలునామానండి’ అంటే మర్యాద పంచ్ మీద కూర్చుంటుంది. అందుకే ఆ మర్యాదంతా మొదటి వాక్యంలోనే తీర్చేయాలి. ‘గారు’ మాత్రం ఎక్కడ అవసరమైతే అక్కడ ఉండనివ్వాలి. రోస్ట్ అంటే చనువని చాలామంది గారును వదిలేస్తారు. అది పొరపాటు. గారు ఎంత నిటారుగా నిలబడితే దాని పక్కన అతిశయోక్తి అంత ఎత్తుగా కనిపిస్తుంది. అంతకుమించి, మాట్లాడేవాడికి గౌరవం పోలేదని ఆ రెండక్షరాలే సాక్ష్యం చెబుతాయి.

వీలునామా తర్వాత మన నోటికి అలవాటైన తోకలు కూడా ప్రమాదమే. ‘అన్నమాట’, ‘మరి’, ‘అంత పొడుగు మరి ఆ మెసేజ్’, ‘అర్థమైంది కదా’. మాట్లాడేవాడికి తన జోకు మీద నమ్మకం లేనప్పుడు ఇవి బయటికొస్తాయి. కాగితం మీద లేకపోయినా స్టేజీ మీద వచ్చేస్తాయి. అందుకే బిగ్గరగా చదువుతూ రికార్డు చేసుకుని వినాలి. ఎక్కడ తోక వచ్చిందో అప్పుడు దొరికిపోతుంది.

పేర్చే తీరులో ఇంకో మెలిక ఉంది. మాటల్ని కలపడానికి చివరి అచ్చును సాగదీస్తాం: ‘ఛార్జరూ, గడియా, వీలునామా’. ఇలా సాగదీస్తే మూడూ ఒకే ఎత్తులో ఒకే బుట్టలో పడతాయి. మూడోది వేరే జాతి అన్న సంగతి ఆ సాగులో కలిసిపోతుంది. విడి వాక్యాలే మేలు. ‘ముందు’, ‘తర్వాత’, ‘ఆపైన’ అనే మాటలు మెట్లలా పనిచేస్తాయి. మూడోదానికి ‘చివరిగా’ అని వాడకూడదు. అది వినగానే జోకు వస్తోందని అందరికీ తెలిసిపోతుంది. ‘ఆపైన’ అంటే వరుస ఇంకా సాగుతున్నట్టే ఉంటుంది. మొదటి రెండూ ఒకే వేగంతో, ఒకే గొంతుతో చెప్పాలి. మూడోదాని ముందు మామూలు ఊపిరి తీసుకునేంత విరామం చాలు. అంతకంటే ఎక్కువ ఆగితే ‘చూడండి, ఇప్పుడు నవ్వాలి’ అని బోర్డు పెట్టినట్టే.

క్రియ చివర ఉండటం ప్రతిసారీ అడ్డే అని కాదు. క్రియే వరుసకు ప్రాసలా కుదిరినప్పుడు అది సాయం చేస్తుంది. సుబ్బారావు గారి మీదే ఇంకో జోకు చూడండి: ‘ఇన్నేళ్ళ సర్వీసులో సుబ్బారావు గారు ఒక్క ఫైలు పోగొట్టలేదు. ఒక్క గడువు దాటలేదు. ఒక్క వాక్యం ముగించలేదు.’ ఇక్కడ ‘లేదు’ అనే ముగింపు మొదటి రెండుసార్లలోనే చెవికి అలవాటైపోయింది. మూడోసారి అది తోకగా అనిపించదు, తాళంలా పడుతుంది. పైగా అర్థం పూర్తయ్యేది ‘ముగించ’ దగ్గరే. వాక్యం అనే మాట వింత పుట్టిస్తుంది, క్రియ దాన్ని మూసేస్తుంది.

ఈ రెండో జోకు పొగడ్త, పొగడ్త, పోటు అనే పాత అచ్చులోనిది. ఆ అచ్చు చాలా వాడారు కాబట్టి జనం మూడోదానికి కాచుకుని కూర్చుంటారు. ‘ఆయన మంచివారు, కష్టజీవి, కానీ...’ అని మొదలుపెడితే ‘కానీ’ దగ్గరే జోకు అయిపోయినట్టు. దాన్ని బతికించేది మొదటి రెండు పొగడ్తలు నిజమైనవీ ప్రత్యేకమైనవీ కావడమే. ఫైలు పోగొట్టలేదన్నది నిజం. అది వినగానే ఆయన కొంచెం నిటారుగా కూర్చుంటారు, హాల్లో వాళ్ళు తల ఊపుతారు. ఆ నిజాయితీ ఉన్నందుకే మూడోదానికి జనం సిద్ధంగా ఉండరు. రోస్ట్ అయిపోయాక ఆయన ఇంటికి తీసుకెళ్ళేది కూడా ఆ రెండు వాక్యాలనే.

సగం అతిశయోక్తి ఆరోపణ అవుతుందన్నాను. దాన్ని ఇంకొంచెం విప్పాలి, ఎందుకంటే దీన్ని తలకిందులుగా అర్థం చేసుకునేవాళ్ళున్నారు. ‘ఎంత ఎక్కువ పెంచితే అంత క్షేమం, కాబట్టి ఏ విషయమైనా బాగా పెంచితే చాలు’ అనుకుంటారు. సుబ్బారావు గారు ఆఫీసులో కునుకు తీస్తారని ఒక పుకారు ఉందనుకుందాం. ‘రోజూ రెండు గంటలు నిద్రపోతారండి’ అంటే అది పై అధికారి ముందు చేసిన ఫిర్యాదు. ‘ఆయన లేచి వెళ్ళిపోయినా కుర్చీ గురక పెడుతూనే ఉంటుంది’ అంటే మంచి అతిశయోక్తి, అసంభవం, కళ్ళకు కట్టేది. నవ్వు కూడా వస్తుంది. అయినా ఆ జోకు చెప్పకూడదు. అతిశయోక్తి పరిమాణాన్ని మాత్రమే రద్దు చేస్తుంది, విత్తనాన్ని రద్దు చేయదు. కుర్చీ గురక పెట్టదని అందరికీ తెలుసు. కానీ ఆయన పడుకుంటారన్న మాట మాత్రం హాల్లోంచి బయటికి నడిచి వెళ్తుంది. నవ్వు ఆగాక ఏం మిగులుతుందో అదే విత్తనం. వాయిస్ మెసేజ్ జోకులో మిగిలేది ‘ఆయన పొడుగ్గా మాట్లాడతారు’ అన్నది, అది ఆయనకూ ఒప్పుదలే. అందుకే ప్రతి జోకు పక్కన, అతిశయోక్తి తీసేస్తే మిగిలే వాక్యాన్ని పెన్సిల్‌తో రాసుకోవాలి. ఆ మామూలు వాక్యాన్ని నవ్వు లేకుండా ఆయన ముఖం మీద, ఆయన కుటుంబం ముందు చెప్పగలిగితే జోకు ఉంటుంది. చెప్పలేకపోతే, అది ఎంత బాగా వచ్చినా కొట్టేయాల్సిందే.

రోగం, శరీరం, విడాకులు, అప్పులు, పిల్లల సంగతులు ఈ పరీక్షలో వాటంతట అవే రాలిపోతాయి. వాటికి విడిగా నియమాల పట్టిక అక్కర్లేదు.

మళ్ళీ వీలునామా దగ్గరికి. నవ్వు వచ్చాక జోకును పొడిగించడాన్ని ట్యాగ్ అంటారు. ఇక్కడ చాలామంది వెనక్కి వెళ్ళి మెసేజ్‌ను ఇంకా పెంచుతారు: ‘అంత పొడుగు మెసేజ్ ప్రపంచంలోనే లేదు’. అది మెట్టు దిగడం. మూడో మాటతో మనం ఒక కొత్త లోకంలో అడుగుపెట్టాం, వీలునామా రాసే లోకం. అందులోనే ముందుకు నడవాలి. వీలునామాకు సాక్షులుండాలి కదా: ‘సంతకం పెట్టిన సాక్షి కూడా పోయాడు. మెసేజ్ ఇంకా “బాగున్నారా” దగ్గరే ఉంది.’ ఇది అతిశయోక్తి మీద అతిశయోక్తి. అయినా తేలిపోదు, ఎందుకంటే రెండో వాక్యం మళ్ళీ నిజానికి దిగుతుంది. ఆయన ప్రతి మెసేజ్‌ను ‘బాగున్నారా’తోనే మొదలుపెడతారని హాల్లో అందరికీ తెలుసు. ఆకాశంలోకి ఎగిరిన గాలిపటానికి దారం అది.

ఇంకో ట్యాగ్ వేయొచ్చా? వేయొచ్చు, రెండో నవ్వు మొదటిదానంత ఉంటేనే. కొంచెం తగ్గినా ఆపేయాలి. వీలునామాను మాత్రం మరిచిపోకూడదు. ప్రసంగం చివర, నాలుగైదు జోకుల తర్వాత, ఆయనకు కానుక ఇచ్చేటప్పుడు ‘వీలునామాలో నా ఫోన్ మీకే రాశాను సార్’ అంటే పాత మాటే కొత్త నవ్వు తెస్తుంది. దానికి మళ్ళీ మూడు సంగతులు పేర్చనక్కర్లేదు. కొలబద్ద ముందే అందరి చేతిలో ఉంది.

మోతాదు గురించి కూడా చెప్పాలి. ఐదు నిమిషాల ప్రసంగంలో మూడు అంచెల జోకులు మూడు, మహా అయితే నాలుగు. అంతకు మించితే జనానికి తాళం తెలిసిపోతుంది. రెండో మాట పడగానే మూడోదాని కోసం ముందుకు వంగుతారు, అప్పుడు ఎంత మంచి మూడోదైనా అందరూ ఎదురుచూసిన బస్సులానే వస్తుంది. మధ్యమధ్యలో ఒక్క వాక్యపు అత్యంతాతిశయోక్తులు, పైన బ్యాటరీ మీద చెప్పినటువంటివి, వేస్తే ఆ తాళం చెదురుతుంది. మూడంచెల జోకులు వరుసగా రెండు పడ్డాక మూడోసారి రెండు మాటలు చెప్పి ఆగిపోవడం కూడా ఒక పద్ధతి: ‘సుబ్బారావు గారు ఫైలు తీస్తారు. చదువుతారు.’ అని ఊరుకుంటే, మూడోది హాలే పూర్తి చేస్తుంది. కొన్నిసార్లు సుబ్బారావు గారే గట్టిగా పూర్తి చేస్తారు. అలా జరిగితే మైకు ఆయనకిచ్చేసి పక్కకు జరగడమే సరైన పని.